సేవ్ నొక్కితే ఏమీ కావడం లేదన్నా!

(అనంతపురంలో నెట్ సెంటర్ల నిర్వాహకులు, డిగ్రీ విద్యార్థులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగానికి రాత ప్రతి)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వెనకవాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నేను పనిచేసేది బెంగళూరులో, సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో. పొద్దున లేస్తే ఇతరుల స్క్రీన్లు చూడటమే నా పని. సాయంత్రం ఇంటికి పోయాక మనవాళ్లు పంపే స్క్రీన్లు మొదలవుతాయి. అనంతపురంలో ఏ ఇంట్లో చూసినా బెంగళూరులో ఒకడుంటాడు. ఫోన్లో ఏది ఆగిపోయినా వాడికే పోతుంది. (నవ్వులు) ఆ 'ఒకడి' వైపు నుంచి ఈరోజు మాట్లాడతాను. మీరు పంపింది నాకు ఎలా కనబడుతుందో తెలిస్తే, ఏది పంపాలో మీకే అర్థమవుతుంది.

ఒక కేసు తీసుకుందాం. కదిరిలో ఒక అమ్మాయి పీజీ ప్రవేశానికి ఆన్‌లైన్ అప్లికేషన్ నింపుతోంది, ఫోన్లోనే. పేరు, అడ్రస్, మార్కులు, ఫోటో అప్‌లోడ్, డిక్లరేషన్, అన్నిటికన్నా కింద Save బటన్. నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది, అంతే. పెద్దమ్మ కొడుకు బెంగళూరులో ఉన్నాడు కాబట్టి ఒక స్క్రీన్‌షాట్ తీసి పంపింది. "అన్నా, సేవ్ నొక్కితే ఏమీ కావడం లేదు, రేపే లాస్ట్ డేట్" అని కింద రాసింది.

ఆ స్క్రీన్‌షాట్‌లో ఏముంది? డిక్లరేషన్‌లో సగం, దాని కింద నీలం రంగు బటన్. తప్పు ఏమీ లేదు. అది పనిచేస్తున్న ఫారమ్‌ను తీసిన ఫోటోలాగే ఉంది. మనం తిప్పలు పడుతున్నప్పుడు కళ్లు బటన్ మీదే ఉంటాయి కాబట్టి బటన్‌నే ఫోటో తీస్తాం. కానీ బటన్ నొక్కినప్పుడు తప్పు ఎక్కడ ఉందో చెప్పే మాట మరోచోట వస్తుంది. చాలా ఫారమ్‌లలో అది పైన, ఆ గడి పక్కనే, ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. స్క్రీన్ కిందికి జరిగి ఉంది కాబట్టి ఆ అమ్మాయికి అది కనబడదు, ఫోటోలోకీ రాదు.

అన్న అడిగాడు, "పైన ఎక్కడైనా ఎర్రగా ఉందా?" అని. "లేదన్నా, అన్నీ కరెక్ట్‌గానే పెట్టినా" అంది. ఈ జవాబును నేను నమ్మను. అబద్ధమని కాదు. తను నింపిన ఫారమ్‌ను తనే చూసుకుంటే ఎవరికైనా అంతా బాగానే కనబడుతుంది. అందుకే ఇక్కడ లాంగ్ స్క్రీన్‌షాట్ కావాలి, అంటే పేజీ మొత్తం ఒకే పొడుగు ఫోటోగా.

తీయడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తొందరగా చెప్పేస్తాను. ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కితే మామూలు స్క్రీన్‌షాట్ వస్తుంది. రెడ్‌మి, రియల్‌మి, వివో లాంటి ఫోన్లలో మూడు వేళ్లతో కిందికి లాగినా వస్తుంది. తీసిన వెంటనే మూలన చిన్న బొమ్మ కనబడుతుంది, అది మాయమయ్యేలోపు దాని దగ్గరే Scroll అనో, Capture more అనో ఉన్నదాన్ని నొక్కాలి. శాంసంగ్‌లో కిందికి చూపే బాణం గుర్తు ఉంటుంది, అది నొక్కి పట్టుకుంటే పేజీ జారుతూ పోతుంది. ఐఫోన్లో స్క్రీన్‌షాట్ బొమ్మను తాకితే పైన Full Page అని వస్తుంది. అది సఫారీలో తెరిచిన పేజీలకు బాగా పనిచేస్తుంది, పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. అన్ని యాప్‌లలో ఆ మాట కనబడదు. ఇంకొకటి, చాలా ఫోన్లు మనం ఉన్నచోటు నుంచి కిందికే పోతాయి. కాబట్టి పేజీ పైకి వెళ్లి మొదలుపెట్టండి. బటన్ దగ్గర నిలబడి తీస్తే మళ్లీ బటనే వస్తుంది.

ఇది లోపల ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని తప్పులన్నీ అక్కడి నుంచే వస్తాయి. చాలా ఫోన్లలో జరిగేది ఇది. ఫోన్ పేజీని కొంచెం జరుపుతుంది, ఒక ఫోటో తీస్తుంది, మళ్లీ జరుపుతుంది, మళ్లీ తీస్తుంది. రెండు ఫోటోల్లోనూ ఉన్న భాగాన్ని పోల్చి చూసి, అక్కడ అతికిస్తుంది. గోడ మీద పెద్ద సినిమా పోస్టర్‌ను షీట్లు షీట్లుగా, అంచు మీద అంచు వేసి అతికిస్తారు చూడండి, అదే పని. అంచు సరిగ్గా కుదరకపోతే హీరోకి రెండు ముక్కులు వస్తాయి. (నవ్వులు)

పేజీ కదలకుండా ఉంటే అతుకు బాగా కుదురుతుంది. మధ్యలో కదిలే ప్రకటన ఉంటే పోలిక తప్పి, ఒకే లైన్ రెండుసార్లు రావచ్చు, లేదా ఒక లైన్ మాయం కావచ్చు. పైన కాలేజీ పేరున్న పట్టీ స్క్రీన్‌కు అంటుకుని ఉండే పేజీ అయితే, ఆ పట్టీ ఫోటో మధ్యలో మళ్లీ మళ్లీ వచ్చి కింద ఉన్న గడులను కప్పేస్తుంది. కొన్ని పేజీల్లో బొమ్మలు మనం అక్కడిదాకా పోయాకే లోడ్ అవుతాయి, అలాంటిచోట తెల్లటి ఖాళీలు వస్తాయి. దీనికి మందు సులభం. ముందు వేలితో నెమ్మదిగా చివరిదాకా ఒకసారి జరిపి, అన్నీ లోడ్ అయ్యాక పైకి వచ్చి తీయండి.

పంపే ముందు అతుకులు చూసుకోండి. ఆరు సబ్జెక్టుల మార్కులు నింపి, ఫోటోలో అయిదే కనబడితే, తప్పు ఫారమ్‌ది కాకపోవచ్చు, అతుకుది కావచ్చు. చూసేవాడికి ఆ తేడా తెలియదు. "మ్యాథ్స్ మార్కులు వేయలేదు కదమ్మా" అంటాడు, మీరు "వేసినాను" అంటారు, అరగంట అక్కడే పోతుంది. అనుమానం వస్తే ఆ భాగాన్ని మామూలు స్క్రీన్‌షాట్‌గా మళ్లీ తీసి పోల్చండి.

సరే, కదిరి అమ్మాయి లాంగ్ స్క్రీన్‌షాట్ తీసింది. వాట్సాప్‌లో మామూలు ఫోటోలాగా పంపింది. అన్న తెరిచి చూస్తే ఒక సన్నటి తెల్ల గీత, పెద్దది చేస్తే బూజు బూజుగా అక్షరాలు. "సరిగ్గా తీయలేదు, మళ్లీ తీయి" అన్నాడు. ఆమె బాగానే తీసింది. పాడైంది దారిలో.

లెక్క చూడండి. ఫోన్ స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెళ్లు అనుకుందాం. పేజీ మొత్తం తీస్తే పొడవు 8000 అయింది. వాట్సాప్ మామూలు ఫోటోను పంపేటప్పుడు పొడవైన వైపును దాదాపు 1600కు కుదిస్తుంది. 8000ను 1600 చేస్తే అయిదో వంతు. వెడల్పు కూడా అయిదో వంతే అవుతుంది కదా, 1080 కాస్తా 216. ఒక లైన్లో ముప్పై నలభై అక్షరాలుంటే ఒక్కో అక్షరానికి అయిదారు చుక్కలే మిగులుతాయి. తెలుగు ఒత్తులైతే ఇక చెప్పనక్కర్లేదు. మామూలు స్క్రీన్‌షాట్‌కు ఈ బాధ పెద్దగా ఉండదు, దాని పొడవు 2400 దగ్గర ఉంటుంది, కుదించినా చదవగలం. పొడుగు ఫోటోకే ఈ దెబ్బ. HD అని ఎంచుకుంటే కొంత మేలు, కానీ చాలా పొడుగైతే అదీ చాలదు.

కాబట్టి ఫోటోగా పంపకండి. క్లిప్ గుర్తు నొక్కి Document లోకి వెళ్లి, అక్కడి నుంచి ఆ ఫైల్‌ను ఎంచుకోండి. అప్పుడు దాన్ని వాట్సాప్ ముట్టుకోదు, మీ ఫోన్లో ఎలా ఉందో అలాగే చేరుతుంది. చేరిందో లేదో తెలుసుకోవడం కూడా తేలికే. ఫోటోగా పోతే చాట్‌లో బొమ్మగా పరుచుకుని ఉంటుంది, డాక్యుమెంట్‌గా పోతే ఫైల్ పేరు, సైజు కనబడతాయి. మెయిల్‌కు జత చేసినా ఫైల్ అలాగే పోతుంది.

ఇప్పుడు అన్నకు ఫారమ్ మొత్తం స్పష్టంగా కనబడింది. చిత్రం ఏమిటంటే, ఎక్కడా ఎర్ర అక్షరం లేదు. అమ్మాయి చెప్పింది నిజమే. అన్నీ నిండి ఉన్నాయి. ఒక్కచోట మాత్రం కొంచెం తేడాగా అనిపించింది. సంతకం గడిలో సంతకం బొమ్మ కనబడుతోంది, ఫోటో గడిలో మాత్రం ఫైల్ పేరు ఉంది, ముఖం లేదు. అది అనుమానమే, రుజువు కాదు.

మరి నొక్కినప్పుడు ఫారమ్ ఏమీ చెప్పలేదా? చెప్పే ఉంటుంది. కొన్ని పేజీలు స్క్రీన్ అడుగున చిన్న నల్ల పట్టీ మీద ఒక మాట వేసి, రెండు మూడు సెకన్లలో తీసేస్తాయి. మన కన్ను అక్కడికి పోయేలోపు అది పోతుంది. స్క్రీన్‌షాట్‌కు రెండు బటన్లు వెతుక్కునేలోపు అసలే పోతుంది. లాంగ్ స్క్రీన్‌షాట్‌తో ఇంకా కష్టం, పేజీని జరుపుతూ తీసేసరికి ఆ పట్టీ ఆయుష్షు తీరిపోతుంది. క్షణంసేపు వచ్చి పోయేదాన్ని పట్టాలంటే స్క్రీన్ రికార్డింగ్ ఒక్కటే దారి.

ఆండ్రాయిడ్ 11 నుంచి రికార్డర్ ఫోన్లోనే ఉంటోంది. అంతకు ముందే చాలా కంపెనీలు తమ ఫోన్లలో సొంతంగా పెట్టాయి. ప్లే స్టోర్‌లో ఏదో ఒక రికార్డర్ దింపుకోవద్దు, దాని అవసరం లేదు. పైనుంచి రెండుసార్లు కిందికి లాగితే వైఫై, టార్చ్ గుర్తులు వస్తాయి కదా, అక్కడ Screen record ఉంటుంది. కనబడకపోతే పెన్సిల్ గుర్తు నొక్కి, దాన్ని పైకి లాక్కోండి. ఐఫోన్లో కంట్రోల్ సెంటర్‌లో గుండ్రటి గుర్తు.

మొదలుపెట్టేటప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ రెండు విషయాలు అడుగుతుంది. ఒకటి శబ్దం. మైక్రోఫోన్ ఆన్ చేసి, చేస్తున్నది చేస్తున్నట్టు నోటితో చెప్పండి. ఐఫోన్లో ఆ గుండ్రటి గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే మైక్ వస్తుంది. రెండోది తాకిన చోటు చూపించడం, ఇంగ్లీషులో దాదాపు Show touches అని ఉంటుంది. ఇది ఆన్ చేయకపోతే మీ వేలు వీడియోలో ఉండదు. అప్పుడు నాకు ఏం కనబడుతుంది? ఇరవై సెకన్లు కదలని ఫారమ్. మీరు బటన్ నొక్కారో, బటన్ పక్కన నొక్కారో, అసలు నొక్కనే లేదో నాకెలా తెలుస్తుంది? చుక్క కనబడితే, నొక్కు బటన్ మీదే పడింది, అయినా కదలిక లేదు అని అర్థమవుతుంది. ఈ ఒక్క చుక్కతో సగం ప్రశ్నలు తప్పుతాయి.

అయితే అదే చుక్క మీ కొంప కూడా ముంచుతుంది. పాస్‌వర్డ్ గడిలో నల్ల చుక్కలే కనబడినా, కింద కీబోర్డు మీద మీ వేలు ఏ అక్షరం మీద పడిందో వీడియోలో వరసగా కనబడుతుంది. పైగా చివర టైప్ చేసిన అక్షరం ఒక క్షణం బయటికి కనబడేలా చాలా ఫోన్లలో ఉంటుంది. వీడియో ఆపి ఆపి చూస్తే పాస్‌వర్డ్ మొత్తం చదువుకోవచ్చు. అందుకే ముందు లాగిన్ అయిపోండి, ఆ తర్వాతే రికార్డు నొక్కండి. ఓటీపీ వచ్చే దశ అయితే అసలు రికార్డు చేయొద్దు. Do Not Disturb పెట్టుకోండి, లేదంటే మధ్యలో ఎవరి మెసేజో పైనుంచి దిగుతుంది, అదీ వీడియోలో భాగమే.

ఎక్కడ మొదలుపెట్టాలి? తప్పు జరిగే చోటికి రెండు అడుగుల ముందు. ఈ అమ్మాయి విషయంలో ఫోటో గడి దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా కిందికి జరిపి, Save నొక్కి, నొక్కాక అయిదు సెకన్లు చేతులు కట్టుకుని ఆగాలి. ఆ ఆగడమే ఎవరూ చేయరు. నొక్కీ నొక్కగానే రికార్డింగ్ ఆపేస్తారు, రావలసిన మాట అప్పుడే వస్తుంది. మొత్తం అరనిమిషం చాలు. నాలుగు నిమిషాల వీడియో పంపితే మీ అన్న కూడా ముందుకు తోసుకుంటూ చూస్తాడు, ఆ రెండు సెకన్లు తోసేస్తాడు. (నవ్వులు) వీడియోను కూడా డాక్యుమెంట్‌గానే పంపండి, చిన్న అక్షరాలు నిలుస్తాయి.

వీడియో చేరింది. అన్న చూశాడు. Save మీద చుక్క పడింది, అడుగున నల్ల పట్టీ వచ్చి పోయింది. వెనక్కి జరిపి, అక్కడ ఆపి చదివితే ఇలా ఉంది:

```
Photo size should not exceed 50 KB
```

అమ్మాయి పెట్టింది ఫోన్ కెమెరాతో నేరుగా తీసిన ఫోటో. అది 3 ఎంబీ, అంటే సుమారు 3000 కేబీ. పేజీ ఫైల్ పేరు రాసుకుంది, ఫోటోను మాత్రం తీసుకోలేదు. ముఖం కనబడకపోవడానికి కారణం అదే. లాంగ్ స్క్రీన్‌షాట్‌లో వచ్చిన అనుమానానికి రుజువు వీడియోలో దొరికింది. ఫోటో కొలతలు తగ్గించి, 50 కేబీ లోపు సేవ్ చేసి పెడితే ముఖం కనబడింది, ఫారమ్ సేవ్ అయింది. మన నెట్ సెంటర్లలో కొందరు ఫోటోనే స్క్రీన్‌షాట్ తీసి సైజు తగ్గిస్తారు. అలా తీస్తే చుట్టూ నల్ల పట్టీలు, పైన బ్యాటరీ గుర్తు కూడా ఫోటోలోకి వస్తాయి. హాల్ టికెట్ మీద బ్యాటరీ గుర్తుతో ముఖం బాగుండదు.

ఫోటోతో పాటు ఏం రాయాలో ఇంకా చెప్పలేదు. "వర్క్ అవడం లేదు" అని రాస్తే పనికిరాదు. ఆ అమ్మాయి ఇలా రాసి ఉంటే సరిపోయేది: "అన్నా, అప్లికేషన్ అంతా నింపి Save నొక్కినా. తర్వాతి పేజీ రావాలి, రావడం లేదు. రెడ్‌మి ఫోను, క్రోమ్‌లో తెరిచినా. వైఫై మార్చి కూడా చూసినా, అంతే." ఏం చేశావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఇంతకుముందే ఏం ప్రయత్నించావు, అన్నీ ఉన్నాయి. పేజీ లింకును, అప్లికేషన్ నంబరును అక్షరాల్లో విడిగా పంపండి. ఫోటోలో ఉన్న నంబరును చూసి టైప్ చేస్తే సున్నాకు బదులు ఓ పడుతుంది. యూపీఐ చెల్లింపు గొడవైతే 12 అంకెల రిఫరెన్స్ నంబరు కూడా అలాగే కాపీ చేసి పంపాలి. బ్యాంకువాళ్లు వెతికేది ఆ నంబరుతోనే.

స్క్రీన్‌షాట్ అంచులు తొందరపడి కత్తిరించకండి. పైన ఉన్న టైమ్, నెట్‌వర్క్ గుర్తు చూసే చాలాసార్లు కారణం పట్టుకుంటాం. దాచాల్సినవి మాత్రం దాచండి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు మీద హైలైటర్ పెన్నుతో నలుపు గీస్తారు చాలామంది. ఆ పెన్ను పారదర్శకం. నాలుగుసార్లు గీసినా, ఎదుటివాడు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచితే కింది అంకెలు తేలవచ్చు. నిండు రంగు పెట్టె పెట్టండి, లేదా ఆ భాగం కత్తిరించేయండి. కత్తిరించడంలో కూడా 2023లో ఒక లోపం బయటపడింది. పిక్సెల్ ఫోన్ల ఎడిటర్‌లో, విండోస్ స్నిప్పింగ్ టూల్‌లో కత్తిరించిన కొన్ని ఫోటోల్లో, తీసేశామనుకున్న భాగం ఫైల్ లోపలే మిగిలిపోయి, దాన్ని తిరిగి రాబట్టే వీలుండేది. అప్‌డేట్లతో సరిచేశారు. అంతకుముందు కత్తిరించి పంచిన ఫైళ్లు మాత్రం అప్‌డేట్‌తో మారవు.

నెట్ సెంటర్ అన్నల కోసం కంప్యూటర్ సంగతి రెండు మాటలు. విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే కావలసిన భాగం ఎంచుకోవచ్చు. పేజీ మొత్తం కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో రైట్ క్లిక్ చేసి Take Screenshot, అక్కడ Save full page. ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్. కానీ పేజీ లోపల తనకంటూ విడిగా స్క్రోల్ ఉన్న చిన్న పెట్టె ఉంటే, అందులో పైకి కనబడే భాగమే వస్తుంది. అలాంటప్పుడు పెట్టెలోది జరుపుకుంటూ రెండు మూడు మామూలు స్క్రీన్‌షాట్లు తీయడమే నయం.

ఏమైనా అడగాలంటే అడగండి.

(సభ నుంచి ఒకరు: "సార్, బ్యాంకు యాప్‌లో స్క్రీన్‌షాట్ రావడం లేదు. రికార్డు చేస్తే అంతా నల్లగా వచ్చింది. ఫోన్ పాడైందా?")

లేదన్నా, ఫోన్ బాగానే ఉంది. ఆ యాప్ తయారుచేసినవాళ్లే ఆ స్క్రీన్‌ను ఫోటో తీయనివ్వొద్దని ఆండ్రాయిడ్‌కు చెప్పి పెడతారు. అందుకే స్క్రీన్‌షాట్‌ను ఒప్పుకోదు, రికార్డింగ్‌లో నలుపు వస్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచినా ఇదే జరగవచ్చు. అప్లికేషన్ నింపుతూ స్క్రీన్‌షాట్ రాలేదంటే, మామూలు ట్యాబ్‌లో తెరిచి చూడండి. బ్యాంకు యాప్‌కైతే దాన్ని దాటే యాప్‌లు వెతకొద్దు. ఎర్రర్ మాటను, కోడ్ ఉంటే కోడ్‌ను, టైమ్‌ను కాగితం మీద రాసుకుని బ్రాంచికి చెప్పండి.

(మరొకరు, ఒక అక్క: "కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోండి, మేమే చూస్తాం అంటున్నారు సార్. అదీ రికార్డింగ్ లాంటిదే కదా?")

కాదక్కా. రికార్డింగ్ అయితే ముందు మీరు చూసుకుంటారు, వద్దనుకుంటే పంపరు. స్క్రీన్ షేర్‌లో వచ్చిన ఓటీపీ వచ్చినట్టే వాళ్లకు కనబడిపోతుంది, మీరు వెనక్కి తీసుకోలేరు. కొన్ని యాప్‌లైతే అవతలివాళ్లు మీ ఫోన్‌ను నడపడానికి కూడా వీలిస్తాయి. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి అది వేసుకోమంటే కట్ చేయండి. మీకు నిజంగా సమస్య ఉంటే, పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్న నంబరుకు మీరే చేసి, నోటితో చెప్పండి.

(వెనక నుంచి ఒక విద్యార్థి: "ఫిర్యాదు పేజీలో ఒక్క ఫైలే తీసుకుంటుంది సార్, అదీ ఒక ఎంబీ లోపు. వీడియో పెట్టలేం కదా?")

పెట్టనక్కర్లేదు. వీడియో మీ ఫోన్లో తెరిచి, ఎర్రర్ కనబడే చోట ఆపండి. ప్లే బటన్లు మాయమయ్యేదాకా ఆగి, అక్కడ మామూలు స్క్రీన్‌షాట్ తీయండి. జేపీజీలో సేవ్ చేస్తే అది చాలావరకు ఒక ఎంబీ లోపే ఉంటుంది. ఏం నొక్కితే అది వచ్చిందో వివరాల గడిలో రాయండి, వీడియో ఉందని, అడిగితే పంపుతానని కూడా రాయండి. ఫిర్యాదు తేలేదాకా ఆ వీడియోను డిలీట్ చేయకండి.